కాఫీకి వెళ్ళే కుర్రవాడి చొక్కా

మొన్న డిసెంబరులో ఒక సాయంత్రం, మా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు చింతపల్లిలో మా యింటికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"మాస్టారూ, రేపు పొద్దున్న ఎనిమిదింటికి లంబసింగిలో ఒకమ్మాయితో కాఫీ తాగాలి. మొదటిసారి కలవడం. ఏం తొడుక్కోమంటారు?"

చేతిలో సంచీ. అందులో వాళ్ళ బావగారి పెళ్ళికోటు, బూడిదరంగు పాలియెస్టరు చొక్కా, పెట్టె విప్పని కొత్త బూట్లు!

ముందు కోటు తొడిగించి, చేతికి మంచినీళ్ళ గ్లాసిచ్చి తాగమన్నాను. భుజం కుట్టు భుజపుటెముక చివర ఉండాలి కదా. ఇది రెండంగుళాలు కిందికి జారింది. గ్లాసు ఎత్తగానే కోటంతా చెవులదాకా లేచింది. కాఫీ తాగడానికి పోయేవాడికి ఇంతకన్న వేరే పరీక్ష అక్కర్లేదు. కోటు సంచీలోకి వెళ్ళిపోయింది.

ఇక చొక్కా సంగతి. బెదురుగా ఉన్నవాడికి చలిలోనూ చంకల్లో చెమట పడుతుంది. పాలియెస్టరు దాన్ని పీల్చుకోదు, ఒంటికి అంటుకుంటుంది. పైగా బూడిదరంగు, లేతనీలం తడిస్తే ఆ మచ్చ అల్లంత దూరానికి కనిపిస్తుంది. తెలుపు మీద మచ్చ తెలియదు గాని, మా మన్యపు ఎర్రదుమ్ము తెలుస్తుంది. ముదురురంగు నూలు చొక్కా అయితే రెండు బాధలూ లేవు. కాఫీచుక్క పడ్డా బయటపడదు. వాడికి నేరేడుపండు రంగుది ఒకటుందట. "పాతది మాస్టారూ" అన్నాడు. పదిసార్లు ఉతికినది గనకనే మెడ దగ్గర ఒరుసుకోదన్నాను.

చింతపల్లి నుంచి లంబసింగికి ఇంచుమించు 20 కిలోమీటర్లు. మంచులో మోటారుసైకిలు మీద వెళ్ళాలి. పదిగంటలయ్యేసరికి ఎండ చురుక్కుమంటుంది, స్వెట్టరు విప్పక తప్పదు. తలమీదుగా లాగేదైతే క్రాపు చెదిరి, చొక్కా అంచు పైకి వచ్చేస్తుంది. అందుచేత ముందు గుండీలున్నది వేసుకోవాలి. దాని మీద గాలి ఆపే జాకెట్టు. మంచుకు తడిసేది అదే గనక, దాన్ని బండి దగ్గరే విప్పెయ్యాలి. స్వెట్టరు విప్పుతాం కాబట్టి కాలరొక్కటే కాదు, చొక్కా అంతా ఇస్త్రీ చెయ్యాలి.

కొత్త బూట్లు మడమ కొరుకుతాయి. మనిషి మాట మీద కాక పుండు మీద ధ్యాస పెడతాడు. పాత బూట్లకే రాత్రి పాలిష్ పెట్టుకొమ్మన్నాను. పంట్లాము ముదురురంగుది, కూర్చున్నప్పుడు పిక్క బయటపడకుండా పొడుగు మేజోళ్ళు.

"చేతులు వణికితేనో?" అన్నాడు వెళ్ళబోతూ.

"దానికి బట్టల్లో మందు లేదు నాయనా. కప్పు నిండా పోయించుకోకు."

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు, వాడు చెప్పలేదు. "రెండు గంటలు కూర్చున్నాం మాస్టారూ. ఏం తొడుక్కున్నానో ఒక్కసారీ గుర్తురాలేదు" అని మాత్రం అన్నాడు.

బావగారి కోటు మా కుర్చీ మీదే మరిచిపోయాడు.