‘లక్ష చాల్లే’ అన్నాక మాట మార్చొచ్చా?

మే నెలలో వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని నూజివీడు దగ్గర మా మావయ్య ఊరికి వెళ్లా. మధ్యాహ్నం మీటింగ్ అవగానే ఆయన ఫోన్ నా చేతిలో పెట్టి, ‘నువ్వు బాగా చదువుకున్నావు కదరా, ఇది చూసి చెప్పు’ అన్నాడు. మావయ్య, తోట కొన్న వ్యాపారి మాట్లాడుకున్న వాట్సాప్ చాట్ అది.

విషయం సింపుల్. పూత మీదే తోటని రెండేళ్లకి కౌలుకిచ్చాడు. ఏడాదికి నాలుగు లక్షలు. రెండు లక్షలు ముందే ముట్టాయి. ఏప్రిల్లో ఈదురుగాలికి బంగినపల్లి, రసాలు సగం రాలిపోయాయి. వ్యాపారి మొహం చూసి జాలేసి, ‘ఈ ఏడాదికి ఇంకో లక్ష ఇస్తే చాల్లే’ అని మావయ్యే మెసేజ్ పెట్టాడు. ఆయన ఆ లక్ష కట్టేసి, ఆ లెక్క మీదే కూలీలకీ లారీకీ డబ్బు పెట్టాడు. తర్వాత మిగిలిన కాయకి మంచి రేటు వచ్చింది. ఇప్పుడు మావయ్య ప్రశ్న: ‘వదిలేసిన లక్ష అడగొచ్చా? నాకేం ముట్టిందని అది కాంట్రాక్ట్ అవుతుంది?’

ఆయన అడిగింది తప్పు ప్రశ్న కాదు. మాటకి బదులుగా దక్కే దాన్ని చట్టం ‘ప్రతిఫలం’ అంటుంది. ప్రతిఫలం లేని ఒప్పందం, కొన్ని మినహాయింపులు తప్ప, చెల్లదని ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ 25వ సెక్షన్ చెబుతుంది.

సరిగ్గా ఇలాంటి గొడవే లండన్‌లో జరిగింది. హై ట్రీస్ అనే అపార్ట్‌మెంట్ల బ్లాక్‌కి ఏడాదికి 2,500 పౌండ్ల అద్దె. యుద్ధం వచ్చి ఫ్లాట్లు ఖాళీ అవడంతో 1940లో యజమాని సగానికి తగ్గించాడు. 1945కి ఫ్లాట్లు నిండాయి, పూర్తి అద్దె అడిగారు. జడ్జి డెనింగ్ 1946లో తేల్చింది ఇదీ: ఫ్లాట్లు నిండిన తర్వాతి కాలానికి పూర్తి అద్దె ఇవ్వాల్సిందే. కానీ యుద్ధకాలంలో వదిలేసింది అడిగి ఉంటే మాత్రం ఒప్పుకునేవాణ్ణి కాదు. ఎదుటివాడు నీ మాట నమ్మి నడుచుకున్నాక, నువ్వు వెనక్కి తగ్గడం అన్యాయం. ఇదే ప్రామిసరీ ఎస్టాపెల్.

మన దగ్గర వ్యాపారికి ఇంకా తేలిక దారి ఉంది. రావాల్సిన దాంట్లో కొంత వదులుకునే హక్కు 63వ సెక్షన్ ఇస్తుంది, దానికి ప్రతిఫలం అక్కర్లేదు. అందుకే మావయ్యకి చెప్పేశా: ‘ఆ లక్ష పోయినట్టే. కానీ నువ్వు రాసింది “ఈ ఏడాదికి” అని. వచ్చే ఏడాది నాలుగు లక్షలూ నీవే.’

మావయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇంకో మెసేజ్ చూపించాడు. ‘వచ్చే ఏడాది చెరువు పక్క తోట కూడా మీకే’ అన్నాడట. అది నమ్మి వ్యాపారి వేరే తోట వదులుకున్నానంటున్నాడు. ఆ తోట ఇవ్వకపోతే కేసు వేస్తాడా?

ఇక్కడ లెక్క మారుతుంది. మొదటిదాంట్లో వ్యాపారి తనని తాను కాపాడుకుంటున్నాడు, అది డాలు. రెండోదాంట్లో కొత్త హక్కు అడుగుతున్నాడు, అది కత్తి. 1951లో కూంబ్ దంపతుల కేసు ఇలాంటిదే. విడాకులప్పుడు ఏడాదికి 100 పౌండ్లు ఇస్తానన్నాడు భర్త. ఆమె ఆ మాట మీద ఉండి భరణం కోసం కోర్టుకి వెళ్లలేదు. తర్వాత బాకీ కోసం దావా వేస్తే ఓడిపోయింది. కోర్టుకి వెళ్లొద్దని ఆయన అడగలేదు కాబట్టి, అది ప్రతిఫలం కాదన్నారు. ఎస్టాపెల్ డాలే కానీ కత్తి కాదన్నారు.

ఆ ‘అడగడం’లోనే అసలు కీలకం ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన వెంకాయమ్మ రావు, అప్పారావు కేసులో (1916), తన దగ్గరే వచ్చి ఉంటే ఆస్తి ఇస్తానని పిన్నమ్మ వరస ఆమె మాటిచ్చింది. ఆ అమ్మాయి వచ్చి, ఆమె పోయేదాకా ఉంది. గెలిచింది. అడిగినట్టు చేసింది కాబట్టి అది ఒప్పందమే, ఎస్టాపెల్ అవసరమే రాలేదు.

మన సుప్రీంకోర్టు మాత్రం ఒక అడుగు ముందుకేసింది. మూడేళ్లు అమ్మకపు పన్ను మినహాయిస్తామన్న యూపీ ప్రభుత్వ మాట నమ్మి మోతీలాల్ పదంపత్ షుగర్ మిల్స్ వనస్పతి ఫ్యాక్టరీ పెట్టింది. తర్వాత ప్రభుత్వం మాట మార్చింది. ఈ సూత్రం మీద దావా కూడా వేయొచ్చని 1978 డిసెంబరులో కోర్టు చెప్పింది. అయితే అక్కడ ఎదురుగా ఉన్నది ప్రభుత్వం.

‘ఆ వేరే తోట వదిలెయ్యమని నువ్వు అడిగావా మావయ్యా?’ అన్నా. చాట్ పైకి జరిపి చూశాం. ఎక్కడా లేదు. ‘ఫోన్లో అని ఉంటా’ అన్నాడు మెల్లగా.

సాయంత్రం వ్యాపారికి ఆయనే ఫోన్ చేశాడు. లక్ష ఊసెత్తలేదు. చెరువు పక్క తోట రేటు మాట్లాడుకుని, ఈసారి కాగితం మీద రాసుకుందామన్నాడు.