వార్తల్లో పదం: సంవత్సర నామం

2024 ఏప్రిల్ 8న డల్లాస్‌లో మధ్యాహ్నం సూర్యుడు పూర్తిగా కనుమరుగయ్యాడు. సూర్యగ్రహణం అమావాస్య నాడే వస్తుంది. మర్నాడు సూర్యోదయానికి చైత్ర శుద్ధ పాడ్యమి ఉంది కనుక 9న ఉగాది. అంటే గ్రహణం పట్టింది శోభకృత్‌లో, తెల్లారితే క్రోధి.

ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే అరవై సంవత్సర నామాలు వరసగా తిరుగుతాయి. ఇప్పటి ఆవృత్తిలో ప్రభవ 1987 ఉగాదికి వచ్చింది. ఉగాది జరిగిన ఇంగ్లీషు సంవత్సరంలోంచి 1986 తీసేస్తే వరస సంఖ్య వస్తుంది. 2026లోంచి తీస్తే 40. పంచాంగంలో నలభయ్యో పేరు పరాభవ. పేరు చూసి బెంగపడేవాళ్లుంటారు గానీ, అది వరసలో వచ్చిన పేరే. 1927 నుంచి 1986 దాకా ఏ ఏడాదైనా 1926 తీసేయండి: 1947కు 21, సర్వజిత్తు.

చాలామంది తప్పేది జనవరి నుంచి ఉగాది దాకా ఉన్న రోజుల్లో. 2024 ఫిబ్రవరిలో డల్లాస్‌లో పుట్టిన పాపది క్రోధి కాదు, శోభకృత్. అలాంటప్పుడు ముందటి ఏడాది, అంటే 2023, తీసుకుని లెక్క కట్టండి. మార్చి, ఏప్రిల్ పుట్టినరోజులకు మాత్రం అమెరికాలో మీ ఊరి సూర్యోదయంతో గణించిన పంచాంగమే చూడండి.