తగ్గుతున్న పదాలను నమ్మవచ్చా?

ఒక శ్రేణిలో మొదటి పదం 1.1. ఆ తర్వాత వరసగా 0.444, 0.322, 0.278, 0.262, 0.259. పదాలు చిక్కిపోతున్నాయి. పైగా వాటిని ఒకటి కలుపుతూ, ఒకటి తీసేస్తూ పోవాలి కాబట్టి మొత్తం ఎక్కడో ఒక సంఖ్య దగ్గర కుదురుకుంటుందనే ఎవరైనా అనుకుంటారు. కానీ ఏడో పదం 0.266. అక్కణ్ణుంచి పెరగడమే. యాభై ఒకటో పదానికి వచ్చేసరికి అది దాదాపు 150!

ఇది విలోమ టాంజెంట్ శ్రేణే. x స్థానంలో 1.1 పెట్టాం, అంతే.

tan⁻¹x = x − x³/3 + x⁵/5 − x⁷/7 + …

14వ శతాబ్దపు కేరళ గణితవేత్త సంగమగ్రామ మాధవుడు దీన్ని కనుక్కున్నాడని ఆయన శిష్యపరంపర చెబుతుంది. ఇలా x ఘాతాలతో సాగే దాన్ని ఘాత శ్రేణి అంటారు. x సున్నాకు ఎంత దూరం దాకా జరిగినా మొత్తం నిలుస్తుందో, ఆ దూరమే అభిసరణ వ్యాసార్ధం. మొదటి ఆరు పదాలు మనల్ని మోసం చేశాయి కాబట్టి, ఎన్ని పదాలు చూసినా దాన్ని కంటితో తేల్చలేం. చూడాల్సింది పక్కపక్క పదాల నిష్పత్తి చివరికి ఎటు చేరుతుందన్నది.

గుర్తులు పక్కనపెట్టి ఒక పదాన్ని దాని ముందు పదంతో భాగిద్దాం. xⁿ⁺²/(n+2) ని xⁿ/n తో భాగిస్తే వచ్చేది

x² × n/(n+2)

మొదట్లో n = 1, కాబట్టి n/(n+2) విలువ 1/3. ఈ చిన్న భిన్నమే 1.1 విషయంలో పదాలను కొంతసేపు అణచిపెట్టింది. n పెరిగేకొద్దీ భిన్నం 1కి దగ్గరవుతుంది: n = 21 దగ్గర 0.913, n = 2001 దగ్గర 0.999. దాని ప్రభావం కరిగిపోయాక మిగిలేది x² ఒక్కటే. 1.1 వర్గం 1.21. అంటే శ్రేణిలో దూరంగా వెళ్లాక ప్రతి పదమూ ముందుదానికి ఇంచుమించు 1.21 రెట్లు. అలాంటిది నిలవదు. అదే x = 0.9 అయితే నిష్పత్తి ఎప్పుడూ 0.81 దాటదు, పదాలన్నీ 0.81 నిష్పత్తిగల గుణశ్రేఢి కిందే ఉంటాయి, ఆ శ్రేఢి మొత్తం పరిమితమే కాబట్టి మన శ్రేణి కూడా నిలుస్తుంది. x² < 1 కావాలి. కనుక వ్యాసార్ధం 1.

ఇక్కడ పరీక్షల్లో చాలామంది జారే చోటు ఒకటుంది. ఇందులో సరి ఘాతాలు లేవు. ఒక పదం నుంచి తర్వాతి పదానికి ఘాతం రెండు మెట్లు ఎక్కుతుంది. అందుకే x కాదు, x² వచ్చింది. గుణకాలను మాత్రమే భాగించి జవాబు రాసేస్తే ఈ శ్రేణిలో తప్పు బయటపడదు, 1 వర్గమూలం 1 గనుక. tan⁻¹(x/2) తీసుకుంటే తెలుస్తుంది: నిష్పత్తి అవధి x²/4, వ్యాసార్ధం 2. గుణకాలను మాత్రమే చూసినవాళ్లు 4 అని రాస్తారు.

సరిగ్గా x = 1 దగ్గర అవధి 1. అప్పుడు ఈ పరీక్ష నోరు విప్పదు. 1 − 1/3 + 1/5 − … మొత్తం π/4. గుర్తులన్నీ ప్లస్ చేస్తే నిష్పత్తులు మారవు గానీ మొత్తం అనంతానికి పోతుంది. అంచు సంగతి వేరే పద్ధతిలో తేల్చుకోవాల్సిందే.

నిష్పత్తి వేగాన్ని కూడా చెబుతుంది, పాఠ్యపుస్తకాలు దీన్ని పెద్దగా పట్టించుకోవు. x = 1 దగ్గర వెయ్యి పదాలు కూడినా π మూడో దశాంశమే తప్పుతుంది. మాధవుడి సంప్రదాయం x = 1/√3 తీసుకుంది. అక్కడ అవధి 1/3. సుమారు రెండు పదాలకో అంకె చొప్పున ఖాయమవుతుంది. పది పదాలకే 3.14159 వస్తుంది, 21 పదాలకు 3.14159265359.

ఇంతకీ 1 దగ్గర ఈ గోడ ఎందుకు? టాంజెంట్ విలువ 1.1 ఉన్న కోణం మామూలు కోణమే, దాదాపు 47.7 డిగ్రీలు. వాస్తవ సంఖ్యల్లో వెతికితే కారణం దొరకదు. tan⁻¹x అవకలజం 1/(1+x²). x² = −1 అయితే, అంటే సంకీర్ణ సంఖ్య i దగ్గర, హారం సున్నా అవుతుంది. సున్నా నుంచి i కి దూరం సరిగ్గా 1. శ్రేణిని సున్నా చుట్టూ కాకుండా 1 చుట్టూ, (x − 1) ఘాతాలతో రాస్తే i కి దూరం √2, కొత్త వ్యాసార్ధమూ అంతే. అప్పుడు 1.1 పెట్టినా శ్రేణి చక్కగా నిలుస్తుంది.