వారం మెయిల్లో ఏడో పాయింటు

శుక్రవారం సాయంత్రం బ్యాగులు సర్దుకునే వేళకు చాలా ఆఫీసుల్లో ‘వీక్లీ అప్‌డేట్’ అంటూ ఒక మెయిల్ వస్తుంది. అందరికీ వెళ్తుంది, చాలామంది తెరుస్తారు, పైన నాలుగు లైన్లు చూసి మూసేస్తారు. రాసినవాళ్లకు మాత్రం దాని మీద ఒక పూట పోయి ఉంటుంది.

ఒక ఉదాహరణ అనుకుని చూద్దాం. మాదాపూర్‌లో ఆసుపత్రులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీ. కోడ్ రాసేవాళ్లు, టెస్టర్లు, ఆసుపత్రుల ఫోన్లు ఎత్తే సపోర్ట్ వాళ్లు కలిపి యాభై మంది. ప్రాజెక్ట్ మేనేజర్ ప్రతి శుక్రవారం మెయిల్ పెడతాడు. సబ్జెక్ట్ ‘వీక్లీ అప్‌డేట్ - 23వ వారం’. లోపల పన్నెండు పాయింట్లు. క్లయింట్ మీటింగ్ బాగా జరిగిందన్నది మొదటిది. ఏడోది ఇలా ఉంటుంది: ‘సర్వర్ మెయింటెనెన్స్ ప్రణాళిక ప్రకారం వచ్చే బుధవారం చేపట్టబడుతుంది.’

బుధవారం మధ్యాహ్నం టెస్టర్ అమ్మాయి అతని సీటు దగ్గరికొస్తుంది.

“అన్నా, టెస్టింగ్ సర్వర్ పడిపోయిందా? రెండింటి నుంచీ ఓపెన్ కావట్లేదు.”

“పోయిన శుక్రవారమే మెయిల్లో పెట్టాను కదమ్మా.”

“ఏ మెయిలన్నా?”

పెట్టిన మాట నిజమే. కానీ ఆ వాక్యంలో ఏ సర్వరో లేదు, ఎన్ని గంటలకో లేదు, ఎవరి పని ఆగుతుందో లేదు. పైగా దాని పైన ఆరు పాయింట్లున్నాయి. ఆ ఆరూ అక్కడికి ఎందుకొచ్చాయో చూస్తే అసలు జబ్బు దొరుకుతుంది. ఆ మెయిల్ కాపీ డైరెక్టర్‌కి కూడా వెళ్తుంది. అందుకే మేనేజర్ చెయ్యి తనకు తెలియకుండానే, టీమ్ వారమంతా ఏం పొడిచిందో ముందు రాస్తుంది. పైవాళ్లకు లెక్క చెప్పడం ఒక పని, పక్కవాళ్లకు వార్త చెప్పడం ఇంకో పని. రెండూ ఒకే ఉత్తరంలో కుక్కితే ఎప్పుడూ మొదటిదే గెలుస్తుంది. నన్నడిగితే డైరెక్టర్‌కి వేరే రిపోర్ట్ పంపడమే మేలు.

మిగిలినదాన్ని ఒక్క ప్రశ్నతో వడపోయొచ్చు: ఈ సంగతి తెలియకపోతే వచ్చే వారం ఎవరి పని చెడుతుంది? మన పన్నెండు పాయింట్లకు ఈ ప్రశ్న వేస్తే నాలుగే నిలుస్తాయి. సర్వర్ సంగతికి ‘టెస్టర్లు’ అన్న జవాబు వెంటనే వస్తుంది. డిశ్చార్జ్ బిల్లులో కొత్తగా వచ్చిన ఇన్సూరెన్స్ కాలమ్‌కు ‘సపోర్ట్ వాళ్లు’. క్లయింట్ మీటింగ్ బాగా జరగడానికి ఎవరి పేరూ తట్టదు కాబట్టి అది డైరెక్టర్ రిపోర్ట్‌లోకి పోతుంది. ‘ఫలానా మాడ్యూల్ పని 60 శాతం పూర్తయింది’ లాంటివీ అంతే. ఆ శాతాన్ని బట్టి ఎవరూ ఏ పనీ మార్చుకోరు.

ఇప్పుడు సబ్జెక్ట్. ఫోన్ తెర మీద దాదాపు నలభై అక్షరాలకు మించి కనబడవు. అందులో వారం నంబరు వేస్తే సగం చోటు పోయినట్టే. ‘బుధవారం 2-6 టెస్టింగ్ సర్వర్ ఉండదు, ఇంకా 3’ అంటే మెయిల్ తెరవనివాళ్లకూ ముఖ్యమైనది అందిపోతుంది. సబ్జెక్ట్ పక్కనో కిందో మెయిల్ మొదటి లైను కొంత కనబడుతుంది. అక్కడ ‘అందరూ కుశలమని తలుస్తాను’ అని ఉంటే ఆ చోటూ వృథా.

హెడ్డింగుల దగ్గర చాలామంది ఫైలు మీద లేబుల్ అంటించినట్టు ‘సర్వర్’, ‘బిల్లింగ్’, ‘హెచ్ఆర్’ అని పెడతారు. లేబుల్ చదివితే విషయం తెలియదు, కిందికి వెళ్లాలి. హెడ్డింగే వార్త కావాలి. మన ఏడో పాయింటు ఇలా మారుతుంది:

బుధవారం 2 నుంచి 6 దాకా టెస్టింగ్ సర్వర్ ఆగుతుంది
టెస్టర్లు ఆ రోజు పరీక్షలను మధ్యాహ్నం ఒంటిగంటలోపు ముగించాలి. ఆసుపత్రులు వాడే సర్వర్‌కు ఇబ్బంది లేదు. ఆరు దాటినా తెరుచుకోకపోతే సర్వర్ టీమ్ డ్యూటీ నంబరుకు ఫోన్ చేయండి.

బోల్డ్ చేసిన చోట్లు రెండే. లోపలి బోల్డ్, చదివేవాళ్లు చేయాల్సిన పని గడువు మీద పడింది. మూడో వాక్యం సపోర్ట్ వాళ్ల కోసం. ‘సర్వర్ ఆగుతుంది’ అన్నది చూసి వాళ్లు ఆసుపత్రులకు ఫోన్లు చేసి కంగారు పెట్టకుండా అది ఆపుతుంది. ఇక ప్రతి పేరాలో సగం బోల్డ్ చేసి, దాని మీద పసుపు రంగు కూడా పూసే మెయిళ్లున్నాయి. అవి చూస్తే కన్ను ఎక్కడా ఆగదు.

లింకుల్లో జరిగే పొరపాటు మరీ చిన్నది, మరీ మామూలుది. మేనేజర్ ‘వివరాలకు ఇక్కడ నొక్కండి’ అని పెడతాడు. నొక్కితే ఫైల్ తెరుచుకోదు, అనుమతి అడగమంటుంది. అతని దగ్గర మాత్రం చక్కగా తెరుచుకుంటుంది, ఎందుకంటే ఆ ఫైల్ అతనిదే. కాబట్టి పంపేముందు వేరే టీమ్ మనిషి చేత ఒకసారి తెరిపించి చూడాలి. రెండు వారాలు వరసగా లింకు తెరుచుకోకపోతే మూడో వారం ఎవరూ నొక్కరు. ‘ఇక్కడ’ అన్న మాటకు బదులు ‘ఇన్సూరెన్స్ కాలమ్ నింపే విధానం, రెండు పేజీలు’ అని లింకు పెడితే, ఇప్పుడు తెరవాలో తర్వాత చూసుకోవాలో సపోర్ట్ వాళ్లే తేల్చుకుంటారు. అసలు సంగతి మాత్రం లింకు వెనక దాచకూడదు. ఆ కాలమ్ ఖాళీగా వదిలితే బిల్లు సేవ్ కాదన్న ముక్క మెయిల్లోనే ఉండాలి.

చివరి దాకా చదవకపోవడం ఒక్కోసారి చదివేవాళ్ల తప్పే కాదు. మెయిల్ కోడ్ సుమారు 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ మిగతా భాగాన్ని కత్తిరించి, కింద `[Message clipped]` అని చూపిస్తుంది. మామూలు మాటలతో అంత బరువు రాదు. ఎక్సెల్ పట్టికనో వర్డ్ పేజీనో ఉన్నదున్నట్టు తెచ్చి అతికిస్తే, రంగులూ గళ్లూ మోసే కనబడని కోడ్ దాని వెంట వచ్చి మెయిల్ ఉబ్బిపోతుంది. పట్టికను లింకుగా ఇచ్చి, అందులోంచి కావలసిన ఒక్క అంకెను వాక్యంలో రాస్తే సరి.

మరి చివర ఏముండాలి? వచ్చే వారం సెలవులో ఎవరున్నారు, వాళ్ల బదులు ఎవరిని అడగాలి అన్న రెండు మూడు లైన్లు ప్రతి వారం అక్కడే పెడితే, వాటికోసమైనా జనం కిందికి దిగుతారు. దిగే దారిలో మిగతావీ కంటబడతాయి. కొంచెం గడుసుతనమే, కానీ పనిచేస్తుంది.

నిజంగా చదువుతున్నారా అన్నది ‘ఎంతమంది తెరిచారు’ అన్న లెక్కతో తేలదు. మెయిల్లో దాచిన చిన్న బొమ్మ లోడ్ అయితే తెరిచినట్టు లెక్కిస్తారు. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన ప్రైవసీ సదుపాయాన్ని ఆన్ చేసుకున్నవాళ్ల ఫోన్లలో, మనిషి తెరవకపోయినా ఆ బొమ్మ ముందే లోడ్ కావచ్చు. దానికంటే ఆఖరి లింకును ఎంతమంది నొక్కారో చూడటం మెరుగు. సెలవుల జాబితాలో పేరు తప్పు పడితే ‘వచ్చే వారం లీవు నాది కాదు సార్, అవతలి టీమ్ ఆయనది’ అని ఎంతసేపట్లో జవాబు వస్తుందో గమనించడం ఇంకా మెరుగు. పావుగంటలో వస్తే కింది దాకా చదివేవాళ్లున్నట్టే. సోమవారం దాకా ఎవరూ పలక్కపోతే పైన పాయింట్లు ఇంకా ఎక్కువున్నాయేమో చూసుకోవాలి.

చెప్పడానికి ఏమీ లేని వారాలూ వస్తాయి. అప్పుడు పాత సంగతులతో పేజీ నింపకుండా, ‘ఈ వారం మీరు మార్చుకోవాల్సిందేమీ లేదు’ అన్న ఒక్క లైను, దాని కింద సెలవుల జాబితా పెట్టి పంపేయొచ్చు.