హుండీకైనా పరకామణి ఉంది

తిరుపతిలో కాపురముంటే చుట్టాలకు కొదవుండదు. దర్శనం టికెట్ దొరికితే ముందురోజు రాత్రికే మనింట్లో దిగుతారు. భోజనాలయ్యాక పిల్లలు పడుకుంటారు, ఆడవాళ్లం వంటింట్లో మిగులుతాం. అప్పుడు మొదలవుతుంది: "అక్కా, నీకొక్కదానికే చెప్తా ఉండా. ఎవరితోనూ అనొద్దు." పొద్దున్నే వాళ్లు తేలికపడి కొండెక్కుతారు. మాట మాత్రం నా దగ్గర ఉండిపోతుంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఒకరుంటారు. ఎక్కువగా పెద్దకూతురో, పెద్దకోడలో. వినడం వల్లే అలసట వస్తుందని మొదట్లో నేనూ అనుకునేదాన్ని. కానీ పక్కింటావిడ ఎంతసేపు చెప్పుకున్నా నాకు నిద్ర పట్టేది. ఇంట్లోవాళ్లు పది నిమిషాలు చెబితే పట్టేది కాదు. ఎందుకంటే ఇంట్లో ఒకరు చెప్పే కష్టం ఇంకొకరి గురించే అయ్యుంటుంది. ఆ ఇంకొకరూ నాకు కావాల్సినవాళ్లే.

మా తమ్ముడి సంగతే చూడండి. వాడు ఒప్పుకున్నాకే రాస్తున్నా. చెన్నైలో ఉద్యోగం. నాలుగు లక్షలు అప్పు చేసి, ఆ మాట భార్యకు చెప్పలేక నాకు చెప్పాడు. వారం తిరక్కుండా మరదలు ఫోన్ చేసింది. "వదినా, ఈయన ముభావంగా ఉంటా ఉండారు, నామీద మనసు విరిగిందేమో" అని ఏడుపు. తర్వాత అమ్మ. "కోడలు నాతో సరిగ్గా మాట్లాడడం లేదే" అని. ముగ్గురి బాధకీ మూలం ఒక్కటే అప్పు. అది తెలిసింది నాకొక్కదానికే, అదే బయటపెట్టకూడనిది. మరదలితో మాట్లాడేటప్పుడు ఏది తెలిసినట్టుండాలి, ఏది తెలియనట్టుండాలి అని లెక్కేసుకుంటూ మాట్లాడాల్సి వచ్చేది. నన్ను అరగదీసింది ఆ లెక్కే.

అమెరికా మానసిక వైద్యుడు ముర్రే బోవెన్ కుటుంబాల్లో జరిగే ఈ తంతుని 'త్రికోణం' అన్నాడు. ఇద్దరి మధ్య ఒత్తిడి పెరిగితే మూడో మనిషిని లోపలికి లాగుతారు. ఆ మనిషితో చెప్పుకోగానే ఉపశమనం దొరుకుతుంది. ఆ ఉపశమనమే అసలు చిక్కు. నాకు చెప్పాక తమ్ముడికి భార్యతో చెప్పాల్సిన తొందర తగ్గిపోయింది. అప్పు అలాగే ఉంది, నెలనెలా వడ్డీ పెరుగుతోంది.

బోవెన్ చెప్పిన దారి సంబంధం తెంచుకోమని కాదు. ఇద్దరితోనూ దగ్గరగా ఉండాలి, ఎవరి పక్షమూ పట్టకూడదు, ఇటు మాట అటు మోయకూడదు. తమ్ముడితో అన్నాను: "ఈ సంగతి నాతో ఇంక వద్దురా. నీ పెళ్లానికి నువ్వే చెప్పు. ఆమె నన్నడిగితే, వాణ్ణే అడగమ్మా అంటాను." వాడికి కోపం వచ్చింది. ఇరవై రోజులు ఫోన్ లేదు. ఆ తర్వాత చెప్పాడట. ఇంట్లో పెద్ద గొడవే అయింది. చివరికి మరదలే గాజులు తాకట్టు పెట్టి వడ్డీ ఎక్కువున్న బాకీ ముందు తీర్చింది.

అన్ని మాటలూ ఇలా వెనక్కి పంపకూడదు. కొడుతున్నాడని ఎవరైనా చెబితే, చచ్చిపోవాలని ఉందంటే, గుట్టు అక్కడితో ఆపేయాలి. మహిళలకు 181 ఉంది. మనసు బాగోలేనివాళ్లకు 14416, టెలీ మానస్, రాత్రయినా పగలైనా ఉచితం. అక్కడ వినేవాళ్లు వంతులవారీగా పనిచేస్తారు, శిక్షణ ఉంటుంది, అవసరమైతే డాక్టరుకి అప్పగిస్తారు. ఇంట్లో వినే మనిషికి ఇవేవీ లేవు.

శ్రీవారి హుండీ చూడండి. కోట్లమంది మొక్కులు అందులో పడతాయి. కానీ నిండిన హుండీని అలాగే ఉంచరు. పరకామణికి తీసుకెళ్తారు, పదిమంది కూర్చుని లెక్కపెడతారు. మాలాంటివాళ్లలో పడింది మాత్రం పడినట్టే ఉంటుంది.

నిండిపోయామని తెలిసేదెలా? ఫోన్ మోగగానే కడుపులో బిగుసుకుంటుంది. "ఎట్లుండావు?" అని ఎవరైనా అడిగితే తమ్ముడి సంగతి, అమ్మ సంగతి చెబుతామే తప్ప మన సంగతి నోటికి రాదు. ఆ మధ్య గర్భసంచి తీసేయాలని డాక్టరమ్మ చెబితే, ఆ మాట ఎవరికి చెప్పాలో పాలుపోలేదు. ఎవరి నెత్తిన ఎంత బరువుందో నాకే బాగా తెలుసు మరి. అందరి కష్టం తెలిసినవాళ్లకి తమ కష్టం దించుకునే చోటు దొరకదు.

చివరికి మరదలికే చెప్పాను. దాచాల్సిన గుట్టు మా మధ్య లేదు గనక మాట సులువుగానే వచ్చింది. ఆపరేషన్ అయ్యాక పదిరోజులు వచ్చి మా వంటింట్లో నిలబడింది. మొదటిరోజే నా ఫోన్ తీసుకుని తన కొంగులో వేసుకుంది. "ఎవరైనా చేస్తే నేను మాట్లాడతాలే, నువ్వు పడుకో వదినా" అంది.