దూరం నుంచి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: అల్లుడికి రాసే మెసేజ్‌లో ఏముండాలి?

విదేశంలో ఉన్న మేనల్లుడి సాయంతో కొట్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టించుకోవాలంటే, పని ఒక్క పూటలో తెమిలేదీ లేనిదీ చాలావరకు ముందుగా పంపే మెసేజ్ మీదే ఆధారపడుతుంది. ‘ఖాళీ ఉన్నప్పుడు ఓసారి చూడు’ అని రాస్తే, అడగాల్సినవన్నీ అతను ఫోన్లో ఒక్కొక్కటిగా అడగాలి. తెనాలిలో కిరాణా కొట్టు, డల్లాస్‌లో అల్లుడు అనుకుంటే మెసేజ్ ఇలా ఉండొచ్చు:

‘అల్లుడూ, బాగున్నారా అందరూ? కొట్లో బిల్లింగ్ పెడదామనుకుంటున్నా. కంప్యూటర్ విండోస్ 11, ర్యామ్ 8 జీబీ. బిల్లు ప్రింటర్ మూడంగుళాలది, యూఎస్‌బీ వైరుతో వచ్చింది. స్కానర్ కూడా కొన్నాను. సరుకుల జాబితా ఎక్సెల్‌లో పాతది ఉంది. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి కొట్టు కట్టేస్తాను, మీకప్పుడు పొద్దున్న పదకొండు. కుదురుతుందేమో చెప్పు.’

ఇందులో ప్రతి మాటకూ పనుంది. విండోస్ వెర్షన్ తెలియకపోతే విండోస్ మీటతో పాటు R నొక్కి, `winver` అని కొడితే కనిపిస్తుంది. ప్రింటర్ వెడల్పు తెలిస్తే బిల్లు నమూనా ముందే ఎంచుకోవచ్చు: మూడంగుళాలదంటే 80 మిల్లీమీటర్ల కాగితం, రెండంగుళాలదంటే 58. డల్లాస్ వేసవిలో మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటుంది, చలికాలంలో పదకొండున్నర. అంటే చలికాలంలో అదే తొమ్మిదిన్నర అల్లుడికి పది గంటలవుతుంది.

అల్లుడు కొట్టు కంప్యూటర్‌ను చూడటానికి విండోస్‌లోనే ఉన్న Quick Assist చాలు. అతను తన వైపు నుంచి ఒక కోడ్ తీసి చెబుతాడు. మామయ్య దాన్ని కొట్టి, ముందు తెర చూపించడానికి, తర్వాత మౌస్ అప్పగించడానికి విడివిడిగా అనుమతిస్తాడు. కోడ్ పది నిమిషాలే పనిచేస్తుంది కాబట్టి దాన్ని ముందురోజు పంపి లాభం లేదు. ఇన్‌స్టాల్ మధ్యలో ‘ఈ ప్రోగ్రాంను అనుమతిస్తారా’ అని విండోస్ అడిగినప్పుడు అల్లుడి తెర నల్లబడవచ్చు. అది నెట్ పోవడం కాదు. కొట్లో ఉన్నవారు Yes నొక్కితే తెర మళ్లీ వస్తుంది. కంప్యూటర్ రీస్టార్ట్ అయితే మాత్రం కొత్త కోడ్‌తో మళ్లీ కలవాలి. అందుకే మామయ్య కుర్చీ వదలకూడదు. పని మొదలుపెట్టే ముందు బ్యాంకు పేజీలు మూసేయాలి. కోడ్ కూడా అల్లుడి గొంతు విన్నాకే కొట్టాలి.

దూరం నుంచి చేయలేనివి ప్రింటర్ పనులు. చాలా థర్మల్ ప్రింటర్లలో ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని స్విచ్ వేస్తే పరీక్ష కాగితం వస్తుంది. అది వచ్చి బిల్లు రాకపోతే తప్పు డ్రైవర్‌లోనో వైరులోనో ఉంటుంది. కాగితం తెల్లగానే బయటికొస్తే రోల్ తిరగబడి ఉండొచ్చు. గోటితో గట్టిగా గీస్తే నల్లగీత పడే వైపే ప్రింట్ పడుతుంది. స్కానర్‌ను పరీక్షించడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. నోట్‌ప్యాడ్ తెరిచి సబ్బు డబ్బా మీది గీతలు చూపిస్తే అంకెలు పడాలి. సరుకుల పేర్లు తెలుగులో ప్రింటవ్వాల్సిన చోట ప్రశ్నార్థకాలు వస్తుంటే ప్రింటర్ అక్షరాల పద్ధతిలో ఉందని అర్థం. విండోస్ డ్రైవర్ ద్వారా బొమ్మగా పంపే పద్ధతికి మారిస్తే సాధారణంగా సరిపోతుంది.

అసలు చిక్కు సరుకుల జాబితాలో ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. ఒంటి సబ్బులు, తలనూనె, టూత్‌పేస్ట్ వంటివి 18 శాతం నుంచి 5కి, నెయ్యి, వెన్న 12 నుంచి 5కి వచ్చాయి. పాత ఎక్సెల్‌ను అలాగే ఎక్కిస్తే బిల్లుల్లో పాత పన్నే పడుతుంది. కాబట్టి పన్ను గడిని మామయ్య ముందే దిద్ది పంపాలి.

ఇంకోటి, ధరలో పన్ను కలిసి ఉందా లేదా అన్నది. దీన్ని ఒక్క బిల్లుతో తేల్చవచ్చు. ఎంఆర్‌పీ 105 రూపాయలున్న తలనూనె సీసాకు బిల్లు కొడితే అసలు ధర 100, కేంద్రానికి 2.50, రాష్ట్రానికి 2.50, మొత్తం 105 రావాలి. 110.25 వచ్చిందంటే, పన్ను కలిసిన ధర మీద సాఫ్ట్‌వేర్ మళ్లీ పన్ను వేస్తున్నట్టు. ఎంఆర్‌పీ దాటి అమ్మకూడదు గనుక సెట్టింగ్ మార్చాకే కౌంటర్‌లో వాడాలి.

ఏడాది మధ్యలో చేతిబిల్లుల నుంచి మారితే కొత్త వరుసకు వేరే గుర్తు పెట్టుకోవచ్చు. పన్ను ఇన్వాయిస్ నంబర్ 16 అక్షరాలు దాటకూడదు, ఒకే ఆర్థిక సంవత్సరంలో రెండుసార్లు రాకూడదు. చివరగా, బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లోకి తీసి, దాన్నుంచి డేటా తిరిగి తెరుచుకుంటుందో లేదో అల్లుడు లైన్‌లో ఉండగానే చూసుకోవాలి.