చివరి స్లైడ్ నుంచి మళ్లీ మొదటికి

ఒకే పోస్ట్‌లో వరుసగా ఫొటోలు పెట్టుకునే క్యారసెల్ ఇన్‌స్టాగ్రామ్‌లోకి 2017లో వచ్చింది. మొదట్లో అందులో పది స్లైడ్లే పట్టేవి, 2024 నుంచి ఇరవై దాకా పెట్టుకోవచ్చు. రీల్ అయిపోగానే దానంతటదే మొదటికొచ్చి మళ్లీ ఆడుతుంది. క్యారసెల్ చివరి స్లైడ్ దగ్గర మాత్రం వేలితో ఎంత లాగినా ముందుకు కదలదు. మొదటిది చూడాలంటే ఒక్కొక్కటే వెనక్కి జరుపుకుంటూ రావాల్సిందే.

అందుకే చివరి స్లైడ్ కుడి అంచు, మొదటి స్లైడ్ ఎడమ అంచు అతికేలా బొమ్మ గీసినా ఇక్కడ ఫలితం ఉండదు. ఆ రెండు అంచులూ తెరమీద ఎప్పుడూ పక్కపక్కన పడవు. పాఠకుణ్ని వెనక్కి రప్పించాల్సింది బొమ్మ కాదు, మొదటి స్లైడ్‌లో మిగిల్చిన పని.

గ్యాస్ సిలిండర్ తనిఖీ గడువు మీద అయిదు స్లైడ్ల పోస్ట్ చేస్తున్నామనుకుందాం. మొదటి స్లైడ్‌లో సిలిండర్ ఫొటో, దానిమీద B-24 అన్న గుర్తు, కింద ఒకే ప్రశ్న: ‘ఇది మీ ఇంటికొస్తే తీసుకుంటారా?’ రెండోది ఆ గుర్తు ఎక్కడుంటుందో చూపిస్తుంది: పై రింగును పట్టి ఉంచే ఇనుప పట్టీల్లో ఒకదాని లోపలివైపు. మూడోది అక్షరాల సంగతి: A అంటే జనవరి నుంచి మార్చి, B ఏప్రిల్ నుంచి జూన్, C జులై నుంచి సెప్టెంబర్, D అక్టోబర్ నుంచి డిసెంబర్. నాలుగోది, పక్కనున్న అంకె సంవత్సరమని చెబుతుంది. అయిదోదానిలో జవాబు ఉండదు. ‘మొదటి ఫొటో మళ్లీ చూసి, తీసుకుంటారో లేదో కామెంట్‌లో చెప్పండి’ అని మాత్రమే ఉంటుంది.

ఆ సిలిండర్ గడువు 2024 జూన్‌తోనే తీరిపోయిందని పాఠకుడు ఈసారి తనే కనిపెడతాడు. మొదట అర్థంకాని గుర్తు ఇప్పుడు అర్థమవుతుంది. వెనక్కి రావడానికి అదే కారణం.

ఇది చెడిపోయేది మూడు చోట్ల. జవాబును చివరి స్లైడ్‌లోనో, ఫొటో కింద రాసే క్యాప్షన్‌లోనో చెప్పేస్తే వెనక్కి వచ్చే అవసరం తీరిపోతుంది. ఒక వాక్యాన్ని రెండు స్లైడ్లకు విరిచి రాస్తే, వెనక్కి వచ్చేటప్పుడు సగం మాటలే ఎదురవుతాయి. కాబట్టి ఏ స్లైడ్‌కా స్లైడ్ విడిగా అర్థం కావాలి. స్లైడ్లు పన్నెండో పదిహేనో ఉంటే అంత దూరం వెనక్కి జరిపే ఓపిక ఎక్కువమందికి ఉండదు.

పోస్ట్ చేసేముందు విషయం తెలియని ఒకరికి ఫోన్ ఇచ్చి బొటనవేలిని గమనించండి. చివర్లో వేలు ఆగి, పోస్ట్ దాటి పైకి తోసేస్తే మొదటి ప్రశ్న పనిచేయలేదన్నట్టు. పోస్ట్ చేశాక కామెంట్లే చెబుతాయి: ‘జూన్‌తో అయిపోయింది’ అని కారణంతో రాసినవాళ్లు వెనక్కి వెళ్లి చూసినట్టే. ఒట్టి ‘బాగుంది’ అన్న కామెంట్ నుంచి అది తెలియదు.